కప్పు మీద చెమ్మ: నీరు ఎక్కడిది, బాధ్యత ఎవరిది?

అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సమావేశాల్లో పార్కింగ్ తర్వాత ఎక్కువ గొడవ తెచ్చేది లీకేజీయే. కింది ఫ్లాటు కప్పు మీద చెమ్మ కనిపిస్తుంది. పైనున్నది బాత్రూమ్. కింది వాళ్లు పైవాళ్లను అడుగుతారు. పైవాళ్లు తమ బాత్రూమ్ పొడిగానే ఉందంటారు. ఇద్దరూ కలిసి ప్రెసిడెంటు దగ్గరికి వెళితే ఆయన బిల్డర్ పేరు చెబుతాడు. ఈలోగా లప్పం ఉబ్బి పెచ్చులు రాలుతుంటాయి, శ్లాబులోని ఊచలు తుప్పు పడుతుంటాయి.

ఈ తగాదాలో రెండు ప్రశ్నలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయి. నీరు ఎక్కడి నుంచి వస్తోందనేది మొదటిది, డబ్బు ఎవరు పెట్టాలనేది రెండోది. చాలాచోట్ల మొదటిదానికి జవాబు దొరక్కముందే రెండోదాని మీద వాదన మొదలవుతుంది. మొదటిది సరిగ్గా తేలితే రెండోది దాదాపు దానంతటదే తేలుతుంది. అది తేలాలంటే మరక ఎక్కడుందో చూసి లాభం లేదు. అది ఎప్పుడు పెరుగుతోందో, ఎప్పుడు తగ్గుతోందో చూడాలి.

వాడుకలో ఉన్న నాలుగు జవాబులు

బాధ్యత గురించి మన దగ్గర నాలుగు రకాల తీర్పులు వినిపిస్తాయి. నీరు పైనుంచే వస్తుంది కాబట్టి పైవాళ్లే పెట్టుకోవాలనేది మొదటిది. ఎవరి కప్పు పాడైతే వాళ్లే బాగుచేసుకోవాలనేది రెండోది. మధ్యలో ఉన్న శ్లాబు ఇద్దరిదీ కాబట్టి చెరిసగం అనేది మూడోది. శ్లాబు మొత్తం భవనానిది కాబట్టి అసోసియేషన్ మెయింటెనెన్స్ డబ్బులోంచి పెట్టాలనేది నాలుగోది.

వీటిలో దేన్నీ పూర్తిగా కొట్టిపారేయలేం. సింగపూర్‌లో ప్రైవేటు అపార్ట్‌మెంట్లకు వర్తించే చట్టం మొదటి జవాబుకు దగ్గరగా ఉంటుంది. కప్పు నుంచి నీరు కారితే లోపం పైఫ్లాటులోనే ఉందని ముందుగా అనుకుంటారు, కాదని రుజువు చేసుకునే బరువు పైవాళ్ల మీద పడుతుంది. అదే సింగపూర్‌లో ప్రభుత్వ గృహ సంస్థ హెచ్‌డీబీ ఫ్లాట్లలో పద్ధతి మూడోదానికి దగ్గర. అక్కడ పైవాళ్లు, కిందివాళ్లు ఇద్దరూ ఉమ్మడిగా బాధ్యులు. సంస్థ సహాయ పథకం కింద సగం ఖర్చు భరిస్తే, మిగిలినది ఇద్దరూ పంచుకుంటారు. మహారాష్ట్ర హౌసింగ్ సొసైటీల నమూనా బైలాలు మరో గీత గీశాయి. వాన నీటి వల్ల, బయటి ఉమ్మడి పైపుల వల్ల వచ్చే లీకేజీ సొసైటీ ఖర్చు, ఫ్లాటు లోపలి మరమ్మతు సభ్యుడి ఖర్చు.

ఈ మూడింటిలో మన అపార్ట్‌మెంట్లకు సరిపోయేది మహారాష్ట్ర గీతే. సగం సగం పద్ధతిలో గొడవ త్వరగా సద్దుమణుగుతుంది, కానీ తప్పులేని మనిషి డబ్బు కట్టాల్సి వస్తుంది. పైగా లోపం ఉన్నవాడికి దాన్ని పూర్తిగా బాగుచేయించాలన్న పట్టుదల ఉండదు. పైవాళ్లదే తప్పని ముందే అనుకునే పద్ధతి పరీక్షకు ఒప్పించడానికి బాగా పనికొస్తుంది, తుది తీర్పుగా మాత్రం పనికిరాదు. లీకేజీ షాఫ్టులోని ఉమ్మడి పైపుది కావచ్చు, అంతకంటే పై అంతస్తుది కూడా కావచ్చు. కాబట్టి మూలం ఎవరి అధీనంలో ఉందో వారిదే బాధ్యత అనే సూత్రం దగ్గరే నిలబడాలి. ఆ మూలాన్ని పట్టుకోవడమే అసలు పని.

శ్లాబులో దాగిన తొట్టి

మూలం పట్టుకోవాలంటే ముందు బాత్రూమ్ నేల కింద ఏముందో తెలియాలి. మన దగ్గర పాత అపార్ట్‌మెంట్లలో చాలావాటికి బాత్రూమ్ దగ్గర శ్లాబును మిగతా గదికంటే ముప్పావు అడుగో, అడుగో కిందికి దించి వేస్తారు. దీన్నే సంకెన్ శ్లాబు అంటారు. ఆ పల్లంలో కమోడ్ పైపు, నహానీ ట్రాప్, వాష్‌బేసిన్ పైపు పరిచి, మిగిలిన చోటంతా ఇటుక ముక్కలతో నింపి, పైన కాంక్రీటు వేసి టైల్స్ అంటిస్తారు. శ్లాబు మీద, గోడల అంచుల మీద వాటర్‌ప్రూఫింగ్ పూత వేసి, నింపే ముందు నీళ్లు నిలబెట్టి చూడాలి. ఈ పరీక్ష ఎగ్గొట్టిన చోట లీకేజీ మొదటి రోజు నుంచే అక్కడ కాచుకుని ఉన్నట్టు లెక్క.

టైల్స్ సందుల్లోంచో, ట్రాప్ అంచు నుంచో దిగిన నీరు వెంటనే కిందికి కారదు. ఇటుక ముక్కల మధ్య ఖాళీల్లో చేరుతుంది. అంటే ఆ పల్లం కంటికి కనిపించని నీటి తొట్టిలా పనిచేస్తుంది. అందులో ఎంత నీరు పడుతుందో లెక్క కట్టవచ్చు. 7 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు, అడుగు లోతు ఉన్న పల్లం 35 ఘనపుటడుగులు, దాదాపు 990 లీటర్లు. ఇటుక ముక్కల మధ్య ఖాళీ అందులో 30 శాతం అనుకున్నా 300 లీటర్ల నీరు పడుతుంది.

నిండిన నీరు శ్లాబులో బలహీనమైన చోటు వెతుక్కుంటుంది. సన్నని పగులు, పైపు శ్లాబును దాటే చోటు, శ్లాబులో వేసిన కరెంటు గొట్టం, ఇలా ఏదైనా కావచ్చు. కరెంటు గొట్టంలోకి చేరితే దాని వెంట పక్క గదిలోకి వెళ్లి ఫ్యాన్ బాక్సు దగ్గర బయటపడుతుంది. అందుకే మరక బాత్రూమ్‌కు సరిగ్గా కిందే ఉండాలన్న నియమం లేదు.

కొత్త టవర్లలో కొన్నిచోట్ల ఈ పల్లం ఉండదు. పైఫ్లాటు పైపులు శ్లాబును దాటి కింది ఫ్లాటు కప్పుకు వేలాడుతుంటాయి, వాటిని ఫాల్స్ సీలింగ్ కప్పేస్తుంది. అక్కడ కనిపెట్టడం సులువు. సీలింగ్ పలక ఒకటి విప్పి టార్చి వేస్తే ఏ కీలు తడిగా ఉందో కనిపిస్తుంది. అక్కడ వచ్చే చిక్కు వేరు: పైపు నా కప్పుకు ఉంది, నీరు మాత్రం పైవాళ్లది. పైపు ఎక్కడ వేలాడుతోందన్నది కాక, ఎవరికి పనిచేస్తోందన్నదే చూడాలి. ఒక్క ఫ్లాటుకే పనికొచ్చే పైపు, షాఫ్టులోని నిలువు పైపును కలిసే చోటు వరకు, ఆ ఫ్లాటుదే.

ఒక కేసు, మొదటి నుంచి చివరి వరకు

ఇలాంటి కేసు ఒకటి తీసుకుని అడుగడుగునా చూద్దాం. 15 ఏళ్ల ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. 302 ఫ్లాటు బెడ్రూమ్‌లో ఫ్యాన్ బాక్సు చుట్టూ మార్చిలో చెమ్మ కనిపించింది. ఏప్రిల్‌కల్లా చుక్కలు పడటం మొదలైంది. ఆ ఇంటావిడ పైనున్న 402కు వెళ్లి అడిగింది.

“అంకుల్, మా బెడ్రూమ్‌లో కప్పు కారుతోంది. మీ బాత్రూమ్ ఒకసారి చూపిస్తారా?”

“మా బాత్రూమ్‌లో లీకేజీ ఏముందమ్మా? పోయినేడే టైల్స్ కొత్తవి వేయించాం. అయినా నీ ఫ్యాన్ పైనున్నది మా బెడ్రూమ్ కదా.”

పెద్దాయన మంచి మనిషే. రెండు రోజులు ఆ బాత్రూమ్ వాడకుండా తాళం వేశారు. కింద చుక్కలు ఆగలేదు. “చూశావు కదా, మాది కాదు” అన్నారు. మూడు మాటల్లోనూ ఆయన తెలిసి అబద్ధం ఆడలేదు. కానీ మూడింటిలో ఏదీ రుజువు కాదు.

ఫ్యాన్ పైన ఉన్నది బెడ్రూమే అయినా, నీరు కరెంటు గొట్టం వెంట వచ్చి ఉండొచ్చని ఇప్పటికే చూశాం. రెండు రోజుల తాళం సంగతి లెక్కతో చూద్దాం. ఫ్యాన్ కింద ఒక కొలత సీసా పెట్టి గంటకు ఎంత పడుతోందో చూస్తే 100 మిల్లీలీటర్లు వచ్చిందనుకుందాం. రోజుకు 2.4 లీటర్లు. పల్లంలో పట్టే నీటిలో పావువంతే, అంటే 75 లీటర్లే నిలిచి ఉన్నా, అది పూర్తిగా ఖాళీ కావడానికి దాదాపు నెల రోజులు పడుతుంది. రెండు రోజులకు ఆగలేదంటే బాత్రూమ్ నిర్దోషి అని కాదు. తగాదాల్లో అన్నిటికంటే ఎక్కువగా నమ్మే పరీక్ష ఇదే. అన్నిటికంటే ఎక్కువగా తప్పుదారి పట్టించేదీ ఇదే.

కాబట్టి చూడాల్సింది చుక్కలు ఆగాయా లేదా అని కాదు, ధార తగ్గుతోందా లేదా అని. దీనికి ఇద్దరి ఎదుటా రాసి పెట్టే చిన్న పట్టిక చాలు. రోజూ ఒకే వేళకు గంటసేపు సీసా పెట్టాలి, మరక అంచున పెన్సిల్‌తో గీత గీసి తారీఖు వేయాలి. దీనికంటే ముందు ఆ ఫ్యాన్, లైట్ల ఎంసీబీ ఆపేయాలి. తడిసిన ఫ్యాన్ బాక్సును కరెంటు ఉండగా ముట్టుకోకూడదు.

మొదటి పరీక్ష: వాడకం ఆపి, నీటి ఒత్తిడి ఉంచడం. 402 వాళ్లు బాత్రూమ్ వాడకూడదు, కానీ వాల్వు కట్టేయకూడదు. ఒక వారం ఇలా ఉంచాలి. ఈ ఒక్క పరీక్షతో అనుమానితులు రెండు గుంపులుగా విడిపోతారు. గోడలోని నీటి సరఫరా పైపులో ఒత్తిడి రాత్రీ పగలూ ఉంటుంది. అక్కడ లీకైతే వాడకం ఆపినా ధార తగ్గదు. షాఫ్టులోని ఉమ్మడి నిలువు పైపు పగిలినా, 502 వాళ్ల నీరు వస్తున్నా అంతే. కమోడ్, నహానీ ట్రాప్, నేల ఇవి మూడూ వాడినప్పుడే కారతాయి. వాడకం ఆపితే ధార మెల్లగా పడిపోతుంది.

మన కేసులో 100 ఉన్నది మూడో రోజుకు 85కు, వారానికి 45కు దిగింది. ఆగలేదు, కానీ స్పష్టంగా తగ్గింది. దీంతో సరఫరా పైపు, నిలువు పైపు, 502 ఈ మూడూ పక్కకు తప్పుకున్నాయి. ధార తగ్గకుండా ఉండి ఉంటే అప్పుడు ఆ బాత్రూమ్ లైనులో నీరు కట్టేసి చూసేవాళ్లం. కట్టేశాక తగ్గితే సరఫరా పైపు, అప్పటికీ తగ్గకపోతే షాఫ్టో, 502నో. సరఫరా పైపు మీద అనుమానం ఉంటే ప్లంబర్ కుళాయిల మూతులు బిగించి, చేతి పంపుతో ఒత్తిడి పెట్టి మీటరు చూస్తాడు. ముల్లు పడిపోతే పైపు లీకు. పాత జీఐ పైపుల్లో ఒత్తిడి మరీ పెంచకూడదు, బాగున్న కీళ్లు కూడా ఊడతాయి.

ఇందులో ఒక మినహాయింపు ఉంది. మిక్సర్ నుంచి షవర్ వరకు గోడలో వెళ్లే పైపులో షవర్ తిప్పినప్పుడే నీరుంటుంది. అది లీకైతే వాడకంతోపాటే కారుతుంది కాబట్టి మొదటి పరీక్షలో తప్పించుకుంటుంది. అందుకని దాన్ని విడిగా చూడాలి.

రెండో పరీక్ష: ఒక్కోదాన్ని విడిగా. తగ్గిన ధారను ఆధారంగా పెట్టుకుని ఒక్కో చోట మాత్రమే నీళ్లు వదలాలి. మొదటి రెండు రోజులు కమోడ్ ఫ్లష్ మాత్రమే. తర్వాతి రెండు రోజులు షవర్ తిప్పి, నేల తడవకుండా నీళ్లన్నీ బకెట్లోనే పట్టడం. ఆ తర్వాత నేల తడవకుండా గరాటుతో నహానీ ట్రాప్‌లోకే బకెట్లు పోయడం. మన కేసులో ఈ మూడింటికీ ధార పెరగలేదు, తగ్గుతూనే ఉంది. అంటే కమోడ్ పైపు, షవర్ పైపు, ట్రాప్ కింది డ్రైనేజీ పైపు అన్నీ బాగున్నాయి.

రంగు నీళ్లు పోసి చూడటం చాలామంది చేసే పని. మిఠాయిల్లో వాడే రంగు నీళ్లలో కలిపి పోస్తారు. కింద రంగు కనిపిస్తే అనుమానం తీరిపోయినట్టే. కనిపించకపోతే మాత్రం ఏమీ తేలినట్టు కాదు. ఇటుక ముక్కలు, సిమెంటు రంగును పీల్చేస్తాయి, నిలిచి ఉన్న నీరు దాన్ని పలచన చేస్తుంది. ఈ పరీక్ష నేరాన్ని చూపగలదు, నిర్దోషిత్వాన్ని చూపలేదు.

మూడో పరీక్ష: నీళ్లు నిలబెట్టడం. ఇక మిగిలింది నేల. నహానీ ట్రాప్‌కు గుడ్డ చుట్టిన మూత బిగించి, గడప దాటకుండా 2 అంగుళాల లోతు నీళ్లు పోసి, గోడ మీద గీత గీసి 24 గంటలు వదిలేయాలి. పక్కనే ఒక పళ్లెంలో కూడా నీళ్లు పోసి గీత పెట్టాలి. ఆవిరై ఎంత పోయిందో పళ్లెం చెబుతుంది. అంతకు మించి తగ్గినది నేలలోకి దిగినట్టే. 35 చదరపుటడుగుల నేల మీద అరంగుళం తగ్గిందంటే దాదాపు 40 లీటర్లు దిగినట్టు. కింద శ్లాబు పెచ్చులూడి ఊచలు బయటపడి ఉంటే ఈ పరీక్ష ఇంజినీరు చూశాకే చేయాలి.

మన కేసులో మర్నాటికి పళ్లెంలో నీరు దాదాపు అలాగే ఉంది. బాత్రూమ్‌లో మాత్రం అరంగుళం తగ్గింది. కింద ధార 120కి పెరిగింది. నీరు నేలలోంచే దిగుతోందని ఇద్దరి కళ్లెదుటే తేలింది. ట్రాప్ చుట్టూ ఒక్క టైల్ తీసి చూస్తే కారణం కూడా కనిపించింది. పోయినేడు పాత టైల్స్ తీయకుండా వాటి మీదే కొత్తవి అంటించారు. నేల ఎత్తు పెరిగింది, ట్రాప్ పాత ఎత్తులోనే ఉండిపోయింది. ఆ రెండింటి మధ్య సందు మూయలేదు. స్నానం నీళ్లు జాలీలోకి వెళ్లేలోపే కొంత ఆ సందులోకి జారుతోంది. తన నిర్దోషిత్వానికి రుజువుగా పెద్దాయన చూపిన కొత్త టైల్సే ఈ లీకేజీకి కారణం.

డబ్బు ఎవరు పెట్టాలి

మూలం తేలాక లెక్కను రెండు పద్దులుగా విడదీయాలి: మూలాన్ని బాగుచేసే ఖర్చు ఒకటి, కింద జరిగిన నష్టం మరొకటి. ఈ కేసులో రెండూ 402 యజమానివే. ట్రాప్ చుట్టూ పని ఆయన చేయించుకోవాలి. 302లో పెచ్చులు గీకడం, వైరింగ్ మార్చడం, లప్పం, రంగు ఖర్చు కూడా ఆయనే ఇవ్వాలి. టైల్స్ మేస్త్రీ సరిగ్గా చేయలేదు నిజమే, ఆయన దగ్గర వసూలు చేసుకునే హక్కు 402కు ఉంది. ఆ మేస్త్రీ కోసం 302 ఆవిడ తిరగాల్సిన అవసరం లేదు. కానీ ఈ అవకాశంలో బెడ్రూమ్ మొత్తానికి ఫాల్స్ సీలింగ్ పెట్టించుకుంటే ఆ అదనం ఆవిడదే. నీరు కారుతోందని తెలిశాక కూడా కింద బట్టల బీరువా జరపకుండా వదిలేస్తే, ఆ నష్టం మొత్తం అడగడం కూడా న్యాయం కాదు.

మూలం షాఫ్టులో ఉంటే లెక్క మారుతుంది. నిలువు పైపు, షాఫ్టు గోడ, బయటి గోడ పగులు, టెర్రస్ ఇవన్నీ అందరివీ. షాఫ్టు గోడలో మొలిచిన రావి మొక్క వేరు పైపు కీలును తెరిచినా ఖర్చు అసోసియేషన్‌దే. వానాకాలంలో మాత్రమే పెరిగి ఎండల్లో ఆరిపోయే మరకను ముందుగా ఇక్కడే వెతకాలి. మన కేసులో చెమ్మ మార్చిలో మొదలైంది కాబట్టి వానను మొదటే పక్కన పెట్టగలిగాం.

ఫ్లాటు కొత్తదైతే బిల్డర్ ఉన్నాడు. 2016 నాటి రెరా చట్టం 14వ సెక్షన్ ప్రకారం స్వాధీనం చేసిన తేదీ నుంచి 5 ఏళ్లలోపు నిర్మాణ లోపం, పనితనంలో లోపం బిల్డర్ దృష్టికి తెస్తే, 30 రోజుల్లో అదనపు డబ్బు తీసుకోకుండా సరిచేయాలి. చేయకపోతే పరిహారం అడగవచ్చు. సంకెన్ శ్లాబు వాటర్‌ప్రూఫింగ్ లోపం నేరుగా దీని కిందికి వస్తుంది. ఇక్కడ పైవాళ్లు, కిందివాళ్లు ప్రత్యర్థులు కాదు. కలిసి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇస్తే ఇద్దరికీ మేలు. కానీ పైవాళ్లు కమోడ్ స్థానం మార్చినా, నేల పగలగొట్టి టబ్ పెట్టించినా, లోపం తనది కాదని బిల్డర్ వాదించే అవకాశం గట్టిగా ఉంటుంది.

పైఫ్లాటులో అద్దెకున్నవాళ్లు ఉంటే పైపులు, నేల బాధ్యత యజమానిదే. కుళాయి వదిలేసి ఊరెళితే అది అద్దెదారు తప్పు. యజమాని అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండటం మన నగరాల్లో మామూలే. అద్దెదారు ‘ఓనర్ని అడగాలి’ అంటాడు, ఓనర్ ‘వచ్చినప్పుడు చూస్తా’ అంటాడు. అలాంటప్పుడు ఫోన్‌లో ఎన్నిసార్లు మాట్లాడినా చాలదు. ఫొటోలు, ధార పట్టిక జతచేసి ఈమెయిల్ పంపాలి. లోపం తెలిసిన తేదీ అక్కడ రికార్డవుతుంది. పైపు పాతబడటంలో ఎవరి తప్పూ లేకపోవచ్చు. తెలిశాక బాగుచేయించకపోతే మాత్రం అది నిర్లక్ష్యమే, ఆ తేదీ తర్వాత పెరిగిన నష్టానికి సాకు చెప్పడం కష్టం.

శ్లాబు సంగతి మాత్రం నిజంగా చిక్కైనది. తెల్లని పొక్కులు, చిన్న చిన్న సున్నపు ధారలు కనిపిస్తే నీరు చాలాకాలంగా కాంక్రీటులోని సున్నాన్ని కరిగిస్తోందని అర్థం. గోధుమ రంగు మరక వస్తే ఊచలు తుప్పు పడుతున్నాయి. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి కాంక్రీటును లోపలి నుంచే చీల్చి పెచ్చులుగా రాలుస్తుంది. శ్లాబు భవన నిర్మాణంలో భాగం, దాన్ని ఇద్దరి తగాదా తేలేదాకా వదిలేయకూడదు. నా దృష్టిలో సరైన పద్ధతి ఇది: ఊచల పని అసోసియేషన్ వెంటనే ఇంజినీరుతో చేయించాలి, ఖర్చు మూలం ఎవరిదని తేలితే వారి దగ్గర వసూలు చేయాలి.

ఇంటి బీమా ఈ తగాదాను తీర్చదు. 2021 నుంచి అందుబాటులో ఉన్న భారత్ గృహ రక్ష పాలసీలో పైపులు, ట్యాంకులు పగలడం, పొంగడం ఉన్నాయి. నెలల తరబడి ఊరే చెమ్మ ఆ మాట కిందికి రావడం కష్టం.

మరమ్మతులో జరిగే మోసాలు

బాధ్యత తేలినా మరమ్మతు తప్పుగా చేస్తే గొడవ మళ్లీ మొదలవుతుంది. అన్నిటికంటే చౌకైనది కింద కప్పుకు డ్యాంప్‌ప్రూఫ్ రంగు పూయడం. పైనుంచి నీరు వస్తూనే ఉంటే అది పొర వెనక చేరి, పొరను ఉబ్బించి ఊడదీస్తుంది, లేదా పక్కకు పాకుతుంది. కింది నుంచి శ్లాబుకు రంధ్రాలు వేసి రసాయనం ఎక్కించడం రెండో పద్ధతి. పగులు మూసుకుంటుంది, చుక్కలు ఆగుతాయి. పల్లంలో నీరు మాత్రం అలాగే నిలిచి ఇంకో దారి వెతుక్కుంటుంది. మూలం ఆపాక మిగిలిన పగులును మూయడానికి ఇది పనికొస్తుంది, మూలానికి బదులుగా కాదు.

టైల్స్ సందులే కారణమైతే పాత సిమెంటు గీకి తీసి ఎపాక్సీ గ్రౌట్ నింపడం, ట్రాప్ అంచు మూయడం సరిపోవచ్చు. పల్లంలోని వాటర్‌ప్రూఫింగే పోతే మొత్తం తవ్వి, ఇటుక ముక్కలు తీసి, పూత వేసి, నింపే ముందు 48 గంటలు నీళ్లు నిలబెట్టి చూడాల్సిందే. ఇంత చిన్న పనికి తవ్వించాలా అని పైవాళ్లకు అనిపించడం సహజం. అందుకే పరీక్షలు ముఖ్యం. మన కేసులో ఆ పరీక్షల వల్లే బాత్రూమ్ మొత్తం తవ్వకుండా ట్రాప్ చుట్టూ ఉన్న నాలుగు టైల్స్‌తో పని మొదలుపెట్టగలిగారు. అది సరిపోయిందో లేదో తెలుసుకునే మార్గం మళ్లీ నీళ్లు నిలబెట్టడమే. పళ్లెం, బాత్రూమ్ రెండింట్లోనూ నీరు ఒకేలా తగ్గితే పని అయినట్టు. కింద రంగు మాత్రం ధార పూర్తిగా ఆగి, కప్పు ఆరాకే వేయాలి. ఆరడానికి వారాలు పడుతుంది.

పైవాళ్లు తలుపు తీయకపోతే

పరీక్షకే ఒప్పుకోని ఇళ్లు ఉంటాయి. అప్పుడు కొన్ని అసోసియేషన్లు ఆ ఫ్లాటుకు నీళ్లు కట్టేస్తుంటాయి. అది తప్పు, చట్టం ముందు కూడా నిలబడటం కష్టం. సరైన దారి నెమ్మదైనదే. ముందు అసోసియేషన్ రాతపూర్వక నోటీసు, తర్వాత లాయరు నోటీసు, ఆ తర్వాత జిల్లా న్యాయసేవాధికార సంస్థలో కేసు వేయకముందే రాజీకి దరఖాస్తు. చాలా తగాదాలు అక్కడ ఆగిపోగలవు. చివరికి సివిల్ కోర్టు. అక్కడ తనిఖీకి అడ్వకేట్ కమిషనర్‌ను నియమించమని, మరమ్మతు చేయించేలా ఆదేశం ఇవ్వమని అడగవచ్చు. ఆ కమిషనర్ నివేదికలో ఉండేది కూడా చివరికి ఇదే: నీరు ఎక్కడి నుంచి, ఏ పరీక్షతో తేలింది. ముందే ఇద్దరి సంతకాలతో ధార పట్టిక ఉంటే కోర్టు దాకా వెళ్లే అవసరమే చాలాసార్లు రాదు.

కాబట్టి ప్రతి అసోసియేషన్ తన బైలాలో నాలుగు వాక్యాలు ఇప్పుడే రాసుకోవాలి, ఎవరి కప్పూ కారని రోజున. లీకేజీ ఫిర్యాదు వచ్చిన 7 రోజుల్లో పైఫ్లాటు పరీక్షకు తలుపు తెరవాలి. పరీక్షలు రెండు ఇళ్లవాళ్ల ఎదుట జరగాలి, అంకెలు రాసి ఇద్దరూ సంతకం చేయాలి. పరీక్షల ఖర్చు ముందు అసోసియేషన్ పెట్టి, మూలం ఎవరిదో వారి నుంచి రాబట్టుకోవాలి. మూలం ఫ్లాటు లోపల ఉంటే యజమానిది, షాఫ్టులోనో బయటి గోడలోనో ఉంటే అసోసియేషన్‌ది. ఇలా ముందే రాసుకుంటే, రేపు కప్పు కారినప్పుడు తేల్చాల్సింది నీరు ఎక్కడి నుంచి వస్తోందన్న ఒక్క ప్రశ్నే. దానికి జవాబును గొంతు పెద్దదైనవాళ్లు కాక సీసాలోని అంకె చెబుతుంది.